అమ్మ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనే చేసేయొచ్చు.. కానీ అమ్మ తరఫున మీరు చేయకూడనివి ఇవే!

నవంబర్ దగ్గర పడుతోందంటే పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లున్న ఇళ్లలో ఒకటే హడావుడి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే ‘నేను బతికే ఉన్నాను’ అని పెన్షన్ ఇచ్చే బ్యాంకుకు ఏడాదికోసారి చెప్పుకోవాలి. ఒకప్పుడు దీనికోసం ఆటో కట్టించుకుని బ్యాంకుకెళ్లి, కౌంటర్ ముందు గంటల కొద్దీ కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక ఆ పని ఇంట్లో, కొడుకో కూతురో ఫోన్ పట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోతోంది.

అయితే ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఫోన్ మనది, టైప్ చేసేది మనం, ఓటీపీ చూసేది కూడా మనమే. దాంతో ఫారం మొత్తం మనమే నింపేయొచ్చు, అమ్మను లేపడం ఎందుకులే అనుకుంటారు. అది కుదరదు. కొన్ని పనులు పెన్షనర్ మాత్రమే చేయాలి. కొన్ని పనులకు వేరే మనిషిని పెట్టుకోవచ్చు, కానీ దానికి వేరే దారి ఉంది. ఏది ఏంటో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెనాలిలో ఒక అమ్మ ఉన్నారనుకోండి. వయసు 81. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు, ఆ పెన్షన్ వస్తోంది. భర్త రైల్వేలో చేసి కాలం చేశారు, ఆ ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తోంది. రెండూ ఒకే బ్యాంకులో పడతాయి. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో. దసరాకు కొడుకు ఊరొచ్చాడు. అమ్మ లైఫ్ సర్టిఫికెట్ పని ఈసారే చేసేసి వెళ్దామనుకున్నాడు.

ముందుగా తేదీ సంగతి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రం అక్టోబర్ 1 నుంచే ఇచ్చే వీలుంది. కాబట్టి ఈ అమ్మది దసరా సెలవుల్లోనే చేసేయొచ్చు. ఈపీఎఫ్ పెన్షన్ వాళ్లకు నవంబర్ అనే పట్టింపు లేదు, ఎప్పుడు ఇస్తే అప్పటినుంచి 12 నెలలు చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పెన్షనర్ల గడువులు వేరు, వాళ్లు తమ ట్రెజరీలో అడిగి తెలుసుకోవాలి. ప్రతినెలా సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇచ్చే సామాజిక పెన్షన్లకూ ఈ జీవన్ ప్రమాణ్‌కూ సంబంధం లేదు.

కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

అమ్మ ఆధార్ నంబర్, పీపీఓ నంబర్, పెన్షన్ పడే అకౌంట్ నంబర్. ఈ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే. పీపీఓ అంటే రిటైరైనప్పుడు ఇచ్చిన పెన్షన్ ఆర్డర్. బీరువాలో ఎక్కడో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. దొరక్కపోతే పెన్షన్ పాస్‌బుక్‌లో చూడాలి, లేదంటే బ్రాంచిలో అడిగితే చెబుతారు.

తెనాలి అమ్మ విషయంలో ఇక్కడే మొదటి చిక్కు. ఆమెకు వచ్చేవి రెండు పెన్షన్లు. అంటే పీపీఓలు కూడా రెండు. ఒకటి తన సర్వీసుది, ఇంకోటి భర్త తరఫున వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌ది. మనిషి ఒక్కరే కదా, ఒక్క సర్టిఫికెట్ చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలదు. ప్రతి పీపీఓకూ విడిగా లైఫ్ సర్టిఫికెట్ చేయాలి. ఒక్కటే చేసి ఊరుకుంటే డిసెంబర్‌లో ఒక పెన్షన్ పడుతుంది, రెండోది ఆగిపోతుంది. అప్పుడు బ్యాంకులో గొడవ పడ్డా లాభం లేదు, రెండో పీపీఓకు మళ్లీ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే.

ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి. ఒకటి ఆధార్ సంస్థ ఇచ్చే AadhaarFaceRD. దీన్ని ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే చాలు, విడిగా తెరిచి చేసే పనేమీ ఉండదు. ముఖం స్కాన్ చేయాల్సి వచ్చినప్పుడు అదే వెనక నుంచి పనిచేస్తుంది. రెండోది Jeevan Pramaan యాప్. దాన్ని jeevanpramaan.gov.in నుంచి గానీ, ప్లే స్టోర్ నుంచి గానీ తీసుకోవాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైల్‌ను మాత్రం నొక్కొద్దు. ఫోన్ మరీ పాతదైతే యాప్ ఎక్కదు, ఎక్కినా కెమెరా సరిగా పట్టదు. అమ్మ దగ్గర చిన్న బటన్ ఫోనే ఉన్నా ఇబ్బంది లేదు. కొడుకు ఫోన్‌లో చేయొచ్చు.

కొడుకు ‘ఆపరేటర్’.. అంతవరకే

యాప్ తెరవగానే ముందు అడిగేది అమ్మ వివరాలు కాదు. ఆపరేటర్ వివరాలు. ఇది చూసి చాలామంది తికమకపడతారు. అమ్మ ఆధార్ కొట్టాలా, తమ ఆధార్ కొట్టాలా అర్థం కాదు.

ఆపరేటర్ అంటే ఆ ఫోన్‌లో ఈ పని చేసిపెట్టే మనిషి. ఎవరైనా కావచ్చు. పెన్షనర్ సొంతంగా చేసుకుంటుంటే ఆయనే ఆపరేటర్. ఇక్కడ కొడుకు చేస్తున్నాడు కాబట్టి కొడుకు తన ఆధార్ నంబర్, మొబైల్ నంబర్, మెయిల్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, తన ముఖం స్కాన్ చేసుకోవాలి. ఆ ఫోన్‌కు ఇది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత అదే ఫోన్‌లో అమ్మకు, పక్కింటి మాస్టారికి, మేనత్తకు అందరికీ చేసిపెట్టొచ్చు.

గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, ఆపరేటర్ అయినంత మాత్రాన కొడుకు అమ్మకు ప్రతినిధి అయిపోడు. బ్యాంకులో ఫారం రాసిపెట్టే మనిషి లాంటి పాత్ర అది. రాసిపెడతాడు, సంతకం పెట్టడు. ఇక్కడ సంతకం అంటే అమ్మ ముఖమే. దానికి ముందు అమ్మ ఇచ్చే అంగీకారం.

అంగీకారం అంటే టిక్ కొట్టడం కాదు

ఆపరేటర్ పని అయ్యాక పెన్షనర్ పేజీ వస్తుంది. అమ్మ ఆధార్ నంబర్, మొబైల్ నంబర్, మెయిల్. ఆ మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. ఇక్కడ కొడుకు తన నంబరే ఇచ్చేస్తే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ సర్టిఫికెట్ తయారైన మెసేజ్, తర్వాత దాని సంగతి చెప్పే మెసేజ్ అన్నీ ఆ నంబర్‌కే వెళతాయి. అమ్మ దగ్గర ఏ ఫోన్ ఉన్నా సరే, ఆమె నంబర్ ఇవ్వడమే మంచిది. తన పెన్షన్ గురించి వచ్చిన మెసేజ్ తన ఫోన్‌లో ఉండటం ఆమెకూ ధైర్యం.

తర్వాత ఆధార్ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టాలి. ఎక్కువమంది చదవకుండా నొక్కేసేది దీన్నే. ఆధార్ చట్టం 2016లోని సెక్షన్ 8 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒకరి ఆధార్‌తో గుర్తింపు సరిచూసే ముందు ఆ మనిషి ఒప్పుకోవాలి. ఏ సమాచారం బయటికి వెళుతుంది, దాన్ని దేనికి వాడతారు, ఇష్టం లేకపోతే వేరే దారి ఏముంది అన్న మూడు సంగతులూ ఆ మనిషికి చెప్పాలి. ఇంగ్లిష్‌లో ఉన్న నాలుగు లైన్లు అమ్మకు అర్థం కావు కాబట్టి కొడుకే చెప్పాలి.

ఎలా చెప్పాలి? పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

“అమ్మా, నీ ఆధార్ నంబరుతో నీ ముఖం సరిచూస్తారు. నువ్వున్నావని బ్యాంకుకు తెలుస్తుంది. దీంతో డబ్బులు తీయడం, ఇంకెక్కడా సంతకం పెట్టడం ఉండదు. నీకిష్టం లేకపోతే ఎప్పటిలా బ్యాంకుకెళ్లి కాగితం ఇవ్వొచ్చు. చేయమంటావా?”

“చెయ్యరా. కానీ ఆ మనిషి ఫోన్ చేసి నంబరు చెప్పమంటే చెప్పాలా?”

“ఎవరు అడిగినా చెప్పొద్దు. నేను పక్కనుండగా వచ్చిన నంబరు మాత్రమే.”

ఇంతే. ఒక్క నిమిషం పట్టదు. ఇందులో చివర చెప్పిన ‘ఇష్టం లేకపోతే బ్యాంకుకెళ్లొచ్చు’ అన్నది మాట వరసకు చెప్పేది కాదు. లైఫ్ సర్టిఫికెట్‌కు ఆధార్ వాడటం స్వచ్ఛందం అని 2021 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే డిజిటల్‌గా చేయను, కాగితం మీదే ఇస్తానని పెన్షనర్ అంటే బ్యాంకు తీసుకోవాలి. ఆధార్‌తో చేస్తేనే పెన్షన్ అని కౌంటర్లో ఎవరైనా అంటే అది సరికాదు.

ఆ తర్వాతి పేజీలో పేరు, పెన్షన్ రకం, మంజూరు చేసిన శాఖ, పెన్షన్ ఇచ్చే బ్యాంకు, పీపీఓ నంబర్, అకౌంట్ నంబర్ నింపాలి. పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టాలి. మన దగ్గర ఇదో పెద్ద తలనొప్పి. పీపీఓలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. యాప్ సరిచూసేది ఆధార్‌తో కాబట్టి ఇక్కడ ఆధార్ పేరే.

రెండు ప్రశ్నలు ప్రత్యేకంగా అడుగుతుంది. మళ్లీ ఉద్యోగంలో చేరారా? మళ్లీ పెళ్లి చేసుకున్నారా? 81 ఏళ్ల అమ్మను రెండో ప్రశ్న అడగడానికి ఏ కొడుకూ ఇష్టపడడు. అమ్మ కూడా నవ్వి ఊరుకుంటుంది. కానీ ఇవి అమ్మ తన నోటితో ఇచ్చే ప్రకటనలు. తప్పు సమాధానానికి బాధ్యత ఆమెదే అవుతుంది కాబట్టి అడిగే టిక్ పెట్టాలి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్లలో చిన్న వయసు వితంతువులు కూడా ఉంటారు, వాళ్ల విషయంలో ఈ ప్రశ్న చాలా కీలకం. మళ్లీ పెళ్లైనవాళ్లకు, మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లకు ఈ డిజిటల్ సర్టిఫికెట్ వర్తించదు. వాళ్లు పాత పద్ధతిలో బ్యాంకులోనే ఇవ్వాలి.

ముఖం స్కాన్ దగ్గర ఆగిపోతే

ఇక చివరిది ముఖం స్కాన్. ఇది కచ్చితంగా అమ్మే చేయాలి. ఫోటో చూపిస్తే యాప్ ఒప్పుకోదు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనా అని చూడటానికి కనురెప్ప ఆర్పమంటుంది. పెద్దవాళ్ల దగ్గర ఎక్కువసార్లు ఆగిపోయేది ఇక్కడే. ఆర్పమంటే కళ్లు గట్టిగా మూసేస్తారు, లేదంటే ఫోన్‌ను చూస్తూ అలాగే ఉండిపోతారు. ముందే ఒకసారి ఫోన్ లేకుండా సాధన చేయించండి. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. వెనక తెల్లగోడ ఉంటే ఇంకా మంచిది. కళ్లజోడు తీసేయాలి. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కట్టు ఉన్నట్టయితే కొన్నాళ్లు ఆగడమే నయం.

ఇంత చేసినా రెండు మూడుసార్లు ఫెయిలైతే స్క్రీన్ మీద వచ్చే నంబర్ చూడండి. 300 అని వస్తే ముఖం ఆధార్‌లోని ఫోటోతో కలవలేదని అర్థం. పదిహేనేళ్ల కిందటి ఫోటోకూ ఇప్పటి ముఖానికీ తేడా ఉండటం మామూలే. ముందు వెలుతురు మార్చి ప్రయత్నించాలి, అప్పటికీ కాకపోతే ఆధార్ సెంటర్‌లో ఫోటో, వేలిముద్రలు కొత్తగా ఇప్పించుకోవాలి. 330 అని వస్తే సంగతి వేరు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి ఉందని దాని అర్థం. ఎప్పుడో ఎవరో మోసాల భయంతో లాక్ చేసి మర్చిపోయి ఉంటారు. లాక్ తీస్తే పని అవుతుంది, ఎన్నిసార్లు కిటికీ దగ్గరికి మార్చినా ఉపయోగం ఉండదు.

స్కాన్ అయ్యాక Pramaan ID అని ఒక నంబర్ ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోవాలి. తెనాలి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ పీపీఓతో మళ్లీ మొదటినుంచి చేయాలి కాబట్టి రెండు నంబర్లు వస్తాయి. ఏది ఏ పెన్షన్‌దో పక్కనే రాసుకోవాలి.

మెసేజ్ వచ్చింది కదా అని వదిలేయొద్దు

చాలా కుటుంబాలు దెబ్బతినేది ఈ దశలో. Pramaan ID వచ్చిందంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. బ్యాంకు దాన్ని ఒప్పుకుందని కాదు. సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే బ్యాంకుకు వెళుతుంది, మనం విడిగా కాగితం ఇవ్వక్కర్లేదు. కానీ బ్యాంకు తన రికార్డులతో పోల్చుకుంటుంది. పీపీఓలో ఒక్క అంకె తప్పినా, అకౌంట్ నంబర్ వేరేది పడినా, ఫ్యామిలీ పెన్షన్ అని ఎంచుకోవాల్సిన చోట సర్వీస్ పెన్షన్ అని నొక్కినా తిరస్కరించవచ్చు.

యాప్‌కు మనం కొట్టిన పీపీఓ సరైనదో కాదో తెలియదు. అది ఆధార్‌తో ముఖం కలిసిందా లేదా అన్నదే చూస్తుంది. అందుకే తప్పు నంబర్‌తో కూడా సర్టిఫికెట్ చక్కగా తయారవుతుంది, మెసేజ్ కూడా వస్తుంది. ఇంట్లో అందరూ పని అయిపోయిందనుకుంటారు. డిసెంబర్ పెన్షన్ పడకపోయాకే అసలు సంగతి తెలుస్తుంది.

కాబట్టి నాలుగైదు రోజులయ్యాక jeevanpramaan.gov.in లో పెన్షనర్ లాగిన్‌లో Pramaan ID, ఓటీపీ కొట్టి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. అందులోని పీపీఓ, అకౌంట్ నంబర్ మనం కాగితం మీద రాసుకున్నదాంతో అంకె అంకె పోల్చాలి. తర్వాత బ్రాంచికి ఒక ఫోన్ చేసి ‘మా అమ్మగారి లైఫ్ సర్టిఫికెట్ మీ దగ్గర ఎక్కిందా’ అని అడగాలి. తిరస్కరించారంటే భయపడక్కర్లేదు, సరైన వివరాలతో కొత్తది చేయాలి. పాతదాన్ని సరిదిద్దే వీలు లేదు. ఒకవేళ పెన్షన్ ఆగిపోయినా డబ్బు పోదు. సర్టిఫికెట్ అందాక పెన్షన్ మళ్లీ మొదలవుతుంది, ఆగిన నెలల బకాయి కూడా వస్తుంది.

అమ్మ మంచం మీద ఉంటే..

ముఖం స్కాన్ అమ్మే చేయాలంటే, లేవలేని స్థితిలో ఉన్నవాళ్ల సంగతేంటి? పడుకునే ఉన్నా కళ్లు తెరిచి రెప్ప ఆర్పగలిగితే ఫోన్‌ను ముఖం దగ్గర పట్టుకుని చేయొచ్చు. అదీ కాకపోతే పోస్ట్‌మ్యాన్‌ను పిలిపించండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి 70 రూపాయలకు డిజిటల్ సర్టిఫికెట్ చేసిపెడతారు. పెన్షన్ ఏ బ్యాంకులో పడుతున్నా ఫర్వాలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో కూడా ఇంటికొచ్చి చేసే సేవ ఉంది.

ఏ యంత్రమూ పట్టకపోతే కాగితమే దిక్కు. ఇది చాలామందికి తెలియని దారి. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ నిబంధనల ప్రకారం, నిర్ణీత ఫారంలోని లైఫ్ సర్టిఫికెట్ మీద కొందరు అధికారులు సంతకం చేస్తే పెన్షనర్ స్వయంగా బ్యాంకుకు రానక్కర్లేదు. ఆ జాబితాలో గెజిటెడ్ అధికారి, తహసీల్దార్, సబ్ రిజిస్ట్రార్, స్టేషన్ ఇన్‌చార్జిగా ఉన్న ఎస్ఐ లేదా ఆపై పోలీసు అధికారి, పోస్ట్‌మాస్టర్, ఎమ్మెల్యే, ఎంపీ ఉన్నారు. పల్లెటూరి వాళ్లకు అన్నిటికంటే సులువైనది గ్రామ పంచాయతీ పెద్ద, అంటే సర్పంచ్. ఆ కాగితాన్ని కొడుకు తీసుకెళ్లి బ్యాంకులో ఇవ్వొచ్చు. ఇక్కడ కూడా గమనించండి, అమ్మ బతికి ఉందని చెప్పేది ఆ అధికారి. కొడుకు కాగితం మోసే మనిషే.

అధీకృత ప్రతినిధి ఎక్కడ పనికొస్తాడు?

ఇప్పుడు అసలు ప్రశ్న. అమ్మ తరఫున అధికారికంగా ఒక మనిషి నిలబడే వీలు అసలే లేదా? ఉంది. ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్లకు.

తెనాలి అమ్మను కూతురు అమెరికా తీసుకెళ్లిందనుకోండి. అక్కడి నుంచి కూడా ఆధార్ ఉంటే ఫోన్‌లో ముఖం స్కాన్ చేసి సర్టిఫికెట్ చేసుకోవచ్చు. కుదరకపోతే రెండో దారి. విదేశాల్లో స్థిరపడిన పెన్షనర్ ఇక్కడ ఒకరిని తన అధీకృత ఏజెంట్‌గా పెట్టుకోవచ్చు. అమ్మ అక్కడ మేజిస్ట్రేట్, నోటరీ, బ్యాంకర్, లేదా భారత దౌత్య కార్యాలయం అధికారి చేత లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం చేయించి పంపితే, ఆ ఏజెంట్ దాన్ని బ్యాంకులో ఇస్తాడు. అప్పుడు అమ్మ స్వయంగా రావాల్సిన పనిలేదు.

ఇక పవర్ ఆఫ్ అటార్నీ. ఇల్లు, పొలం పనులకు అది రాయించుకున్న కుటుంబాలు పెన్షన్‌కు కూడా అదే సరిపోతుందనుకుంటాయి. పెన్షన్ పడే అకౌంట్‌ను పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న మనిషి నడపడానికి వీల్లేదని కేంద్ర పెన్షన్ నిబంధనలు చెబుతున్నాయి. అందుకే బ్యాంకులో అది చూపించగానే తిప్పి పంపేస్తారు. కానీ అదే నిబంధన ఇంకో దారి తెరిచి ఉంచింది. ఆ అకౌంట్‌కు చెక్ బుక్ తీసుకోవచ్చు, వేరే అకౌంట్‌కు నెలనెలా డబ్బు వెళ్లేలా అమ్మ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వొచ్చు. మందుల ఖర్చుకు కొడుకు అకౌంట్‌కు నెలకింత అని ఆమే రాసి ఇస్తే, ప్రతినెలా ఏటీఎం కార్డు పిన్ కొడుకు చేతిలో పెట్టాల్సిన అవసరం రాదు. జాయింట్ అకౌంట్ సంగతి కూడా అంతే. భార్యాభర్తల పేర్ల మీద పెన్షన్ అకౌంట్ ఉండొచ్చు, కొడుకునో కూతురినో కలపడం కుదరదు.

సంతకం పెట్టలేనంతగా జబ్బు పడితే డబ్బు తీయడానికి రిజర్వ్ బ్యాంక్ ఒక పద్ధతి పెట్టింది. పెన్షనర్ చెక్కు మీదో విత్‌డ్రాయల్ ఫారం మీదో వేలిముద్ర వేయాలి. చేతి వేలు కాకపోతే కాలి వేలు ముద్ర అయినా సరే. అదీ కాకపోతే ఏదో ఒక గుర్తు. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. డబ్బు ఎవరు తీసుకెళ్తారో పెన్షనర్ చెప్పాలి, ఆ మనిషిని కూడా సాక్షులు గుర్తించాలి. ఇదంతా విన్నాక బ్రాంచిలో కొందరు ‘అలాంటిదేమీ లేదు’ అంటారు. బ్రాంచి మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి అడగండి.

మతిమరుపు బాగా ముదిరి తన పేరు కూడా చెప్పలేని స్థితి వస్తే విషయం కష్టమవుతుంది. లైఫ్ సర్టిఫికెట్ వరకు ఇబ్బంది ఉండదు, మనిషి బతికి ఉన్నారని అధికారి చూసి సంతకం చేస్తే సరిపోతుంది. కానీ అంగీకారం అనేది అర్థం చేసుకోగలిగిన మనిషి ఇచ్చేది. అర్థం కాని అమ్మ ముఖం ముందు ఫోన్ పెట్టి స్కాన్ చేయించడం అంగీకారం కాదు. అలాంటప్పుడు డిజిటల్ దారి పక్కన పెట్టి కాగితం దారిలో వెళ్లడమే సరైనది. డబ్బు, ఆస్తి వ్యవహారాలకు మాత్రం గార్డియన్ కావాలి. ముందు రాయించుకున్న మామూలు పవర్ ఆఫ్ అటార్నీ కూడా అప్పుడు పనికిరాదు, ఎందుకంటే అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ముగిసిపోతుంది. కోమాలో ఉన్నవాళ్లకు కుటుంబ సభ్యులను గార్డియన్‌గా నియమించే విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి కేసులో లాయర్‌ను కలవక తప్పదు. అందుకే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ లాంటి పనులు అమ్మకు జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే, ఆమె చేతే చేయించి ఉంచాలి.

నామినీ అన్న మాట దగ్గర కూడా గందరగోళం ఉంది. కొడుకు నామినీ కదా, తనే చేయొచ్చు కదా అంటారు. నామినీకి పెన్షనర్ బతికి ఉండగా ఏ అధికారమూ ఉండదు. వాళ్లు పోయిన తర్వాత మిగిలిన బకాయి తీసుకోవడానికి మాత్రమే ఆ పేరు.

ఫోన్ కాల్ వస్తే..

ఈ సీజన్‌లో మోసగాళ్లు కూడా బిజీగా ఉంటారు. ‘మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అంటూ పెన్షనర్లకు ఫోన్లు చేస్తుంటారు. పీపీఓ నంబర్, రిటైరైన తేదీ లాంటివి వాళ్లే చెప్పేసరికి పెద్దవాళ్లు నమ్మేస్తారు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్ కాల్ మీద చేసే పని కాదు, ముఖమో వేలిముద్రో అధికారి సంతకమో ఉండాలి. ఈ ఒక్క మాట అమ్మకు గుర్తుంటే ఎదుటివాడు ఎన్ని వివరాలు చెప్పినా తేడా పట్టేస్తుంది.

తెనాలి ఇంటికి వస్తే, కొడుకు బస్సెక్కే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. రెండు Pramaan ID లు, ఏది ఏ పెన్షన్‌దో, ఏ తేదీన చేశారో ఒక కాగితం మీద రాసి పాస్‌బుక్‌లో పెట్టాలి. రెండో కాపీ పీపీఓ ఉన్న ప్లాస్టిక్ కవర్లో. డిసెంబర్‌లో ఒక పెన్షన్ పడి రెండోది పడకపోతే, అమ్మ ఆ కాగితం పట్టుకుని బ్రాంచికి వెళ్లి ఏ పీపీఓది ఎక్కలేదో నేరుగా అడగగలదు.